బరువు తగ్గలేదు, కానీ ఒళ్లు తగ్గింది: పోషకాహార లోపాన్ని ఎలా నిర్ధారించాలి

వార్డులో 58 ఏళ్ల మనిషి ఉన్నాడనుకోండి. లివర్ సిర్రోసిస్, కడుపులో నీరు, రెండు పాదాలకూ వాపు. ఆరు నెలల కింద బరువు 66 కిలోలు, ఈ రోజు 65. అడ్మిషన్ కాగితంలో "ఈమధ్య బరువు తగ్గారా?" అన్న ప్రశ్న దగ్గర నర్సు "లేదు" అని టిక్కు పెట్టింది. ఆమె రాసింది తప్పు కాదు, మెషిన్ అదే చూపించింది. కానీ అదే మనిషి చొక్కా విప్పితే భుజం ఎముక మూలలు తేలి కనిపిస్తాయి, కణతలు గుంటలు పడి ఉంటాయి.

ఇలాంటి మనిషినే ఉదాహరణగా పెట్టుకుని, నిర్ధారణ మొదటి నుంచి చివరి దాకా ఎలా చేయాలో చెబుతాను. హాస్పిటల్ డైటీషియన్‌గా నా అనుభవంలో ఎక్కువగా జారిపోయేవి ఈ కేసులే. బక్కచిక్కి వచ్చిన మనిషిని ఎవరైనా గుర్తుపడతారు. ఒంట్లో చేరిన నీరు కండ లోటును పూడ్చేసిన మనిషి దగ్గరే మనం మోసపోతాం. కొత్తగా చేరిన డైటీషియన్లు, నర్సులు, హౌస్ సర్జన్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ఇక్కడి ప్రమాణాలన్నీ పెద్దవాళ్లవి. పిల్లలకు కొలతలూ పద్ధతీ వేరు.

ముందు ఏ కొలబద్ద వాడుతున్నారో తేల్చుకోండి

2012లో అమెరికాలోని రెండు సంస్థలు, అకాడమీ ఆఫ్ న్యూట్రిషన్ అండ్ డైటెటిక్స్, ఆస్పెన్, కలిసి ఆరు లక్షణాల జాబితా ఇచ్చాయి. తిండి తగ్గడం, బరువు తగ్గడం, కండ కరగడం, చర్మం కింద కొవ్వు కరగడం, ఒంట్లో నీరు చేరడం, చేతి పట్టు బలం తగ్గడం. వీటిలో కనీసం రెండు కనిపిస్తే పోషకాహార లోపం ఉందని రాయవచ్చు. రెండు ఎందుకు అడిగారంటే, ఏ ఒక్క లక్షణానికైనా వేరే కారణం ఉండొచ్చు. మంచం పట్టిన మనిషికి కండ తగ్గుతుంది, కీళ్లవాతం ఉన్న చేతికి పట్టు ఉండదు, నీళ్ల మాత్ర వేసుకుంటే బరువు తగ్గుతుంది.

హద్దులు అందరికీ ఒకటే కావు. రోగి ఏ పరిస్థితిలో ఉన్నాడో ముందు చూడాలి: ఉన్నట్టుండి వచ్చిన తీవ్రమైన జబ్బో గాయమో ఉందా, నెలల తరబడి సాగుతున్న జబ్బు ఉందా, లేక జబ్బు ఏమీ లేకుండా తిండి దొరక్కో తినలేకో ఈ స్థితికి వచ్చాడా? మన మనిషిది రెండోది, దీర్ఘకాలిక జబ్బు. ఇది ముందే తేల్చుకోకపోతే తర్వాత చూసే ప్రతి అంకెనూ తప్పు వరుసలో చదువుతారు.

తిండి గురించి అడగడం

"బాగా తింటున్నారా?" అని అడగకండి. నూటికి తొంభై మంది "ఆ, తింటున్నానండీ" అంటారు. వాళ్లు పోల్చుకునేది పోయిన వారంతో. పోయిన వారం రెండు ముద్దలు తిన్న మనిషికి ఈ వారం నాలుగు ముద్దలు బాగా తిన్నట్టే ఉంటుంది. కాబట్టి ఒంట్లో బాగున్నప్పటి భోజనాన్ని ముందు గుర్తు చేయండి. "జబ్బు చేయకముందు మీ ప్లేటు నిండుగా ఉండేది కదా, ఇప్పుడు అందులో ఎంత తినగలుగుతున్నారు? మొత్తమా, ముప్పావా, సగమా, పావా?" ఇలా అడిగితే జవాబు సూటిగా వస్తుంది. తర్వాత ఎప్పటి నుంచి అని అడగండి. తేదీలు ఎవరికీ గుర్తుండవు, సంఘటనలు గుర్తుంటాయి. "కడుపు ఉబ్బడం మొదలైంది ముందా, తిండి తగ్గింది ముందా?" అంటే చప్పున చెబుతారు.

ఇంట్లో వడ్డించే మనిషిని తప్పకుండా పక్కన కూర్చోబెట్టుకోండి. మన రోగి "సగం పైనే తింటున్నా" అన్నాడు. ఆయన భార్య, "ఎక్కడండీ, నాలుగు ముద్దలు పెట్టుకోగానే కడుపు నిండిపోయిందని లేచిపోతారు. రెండు నెలలుగా రాత్రి భోజనమే లేదు" అంది. ఆమె మాట నమ్మదగిందని చెప్పడానికి ఒక కారణం ఉంది. కడుపులో నీరు చేరితే అది జీర్ణాశయాన్ని నొక్కుతుంది, అందుకే కొంచెం తినగానే నిండిపోయినట్టు ఉంటుంది.

ఇక లెక్క. ఆమె చెప్పినదాన్ని పూట పూటకూ కడితే రోజుకు సుమారు 900 కిలో కేలరీలు వచ్చింది. అవసరం ఎంత? ఇక్కడ చాలామంది మెషిన్ మీది 65 కిలోలు తీసుకుంటారు. నీటికి తిండి పెట్టక్కర్లేదు, కాబట్టి నీరు తీసేసిన బరువు కావాలి. అది కింది దశలో 55 కిలోల దగ్గర తేలుతుంది. కిలోకు 30 చొప్పున 1650. ఆయన తింటున్నది అందులో దాదాపు 55 శాతం. "30 ఎక్కువేమో" అని ఎవరైనా అంటే 25తో కూడా కట్టి చూడండి: 1375కి 900 అంటే 65 శాతం. రెండు రకాలుగా కట్టినా 75 శాతం కిందే ఉంది. దీర్ఘకాలిక జబ్బులో అవసరంలో 75 శాతం కంటే తక్కువ తిండి నెల రోజులు గడిస్తే ఆ లక్షణం ఉన్నట్టే. ఇక్కడ రెండు నెలలు గడిచింది. ఒక లక్షణం దొరికింది.

ఒక జాగ్రత్త చెప్పాలి. దీర్ఘకాలిక జబ్బు వరుసలో ఒక మోస్తరు లోపానికీ, తీవ్ర లోపానికీ తిండి హద్దు దాదాపు ఒకటే, రెండు చోట్లా 75 శాతమూ నెల రోజులే. కాబట్టి ఈ వరుసలో తిండిని బట్టి తీవ్రత తేల్చకండి. తీవ్రత ఎంతో మిగతా లక్షణాలు చెప్పాలి. తీవ్రమైన జబ్బు వరుసలో అలా కాదు: అక్కడ 7 రోజులకు మించి 75 శాతం లోపు తింటే మోస్తరు, 5 రోజులు లేదా అంతకుమించి సగమో అంతకంటే తక్కువో తింటే తీవ్రం.

బరువు: మెషిన్ మీది అంకెను నీటి నుంచి విడదీయడం

ఈ దశకే ఎక్కువ సమయం ఇవ్వండి. ముందు పాత బరువు కావాలి, అదీ నీరు చేరకముందుది. పాత ఓపీ చీటీలు, ఆపరేషన్ కాగితాలు, ఏదో ఒక డిశ్చార్జ్ షీటు వెతికించండి. రోగి నోటి లెక్కను ఒక్కదాన్నే నమ్మవద్దు. కాగితం దొరక్కపోతే బట్టల గురించి అడగండి. మన రోగి విషయంలో ప్యాంటు నడుము బిగుతైంది, చొక్కా మాత్రం భుజాల దగ్గర వేలాడుతోంది. ఈ రెండూ కలిసి కనిపించినప్పుడు కడుపులో నీరు పెరుగుతోందని, పై ఒంట్లో కండ పోతోందని అనుమానించాలి.

నీరు ఎంతుందో కచ్చితంగా చెప్పే తేలిక పద్ధతి మంచం పక్కన లేదు. లివర్ జబ్బుల్లో వాడే ఒక అంచనా ఉంది. కడుపులో నీరు కొద్దిగా ఉంటే ఇప్పటి బరువులో 5 శాతం, మధ్యస్థంగా ఉంటే 10 శాతం, బాగా ఎక్కువగా ఉంటే 15 శాతం తీసేయాలి. రెండు కాళ్లకూ వాపుంటే మరో 5 శాతం. మన మనిషికి కడుపులో నీరు మధ్యస్థం, కాళ్లకు వాపుంది, అంటే మొత్తం 15 శాతం. 65 కిలోల్లో అది 9.75. మిగిలేది 55.25 కిలోలు.

ఇప్పుడు పాత 66తో పోల్చండి. తగ్గింది 10.75 కిలోలు. దాన్ని 66తో భాగించండి, 55తో కాదు, ఎప్పుడూ పాత బరువుతోనే. 16 శాతం వస్తుంది. ఆరు నెలల్లో 10 శాతం మించితే దీర్ఘకాలిక జబ్బు వరుసలో అది తీవ్ర లోపం. మెషిన్ అంకెను నమ్మి ఉంటే తగ్గింది ఒక కిలో, అంటే 1.5 శాతం అని రాసి ఊరుకునేవాళ్లం.

ఈ అంచనా పది శాతం గీటుకు దగ్గర్లో పడినప్పుడు నమ్మడం కష్టం. మధ్యస్థమా, ఎక్కువా అన్నది చూసే కంటిని బట్టి మారుతుంది. అందుకే నేను రెండు రకాలుగా కట్టి చూస్తాను. తక్కువ నీరు అనుకుని, 10 శాతమే తీస్తే ఇప్పటి బరువు 58.5 అవుతుంది, తగ్గుదల 11 శాతం దాటుతుంది. అప్పుడూ గీటు దాటే ఉంది కాబట్టి ఈ కేసులో నిశ్చింతగా ముందుకు పోవచ్చు. ఒక రకంగా దాటి, ఇంకో రకంగా దాటకపోతే బరువును లక్షణంగా లెక్కపెట్టకండి. "నీరు వల్ల చెప్పలేం" అని రాసి, మిగతా లక్షణాలతో నిర్ధారించండి.

మరి ఒంట్లో నీరు చేరడం ఆరింటిలో ఒక లక్షణం కదా, దాన్ని కూడా లెక్కపెట్టాలా? జాబితాలో ఉంది నిజమే. కానీ ఈ మనిషికి నీరు చేరింది లివర్ వల్ల. దాన్ని పోషణ లోపానికి సాక్ష్యంగా రాస్తే మన నిర్ధారణ బలహీనపడుతుంది, ఎవరైనా సులభంగా ప్రశ్నించగలరు. గుండె, కిడ్నీ, లివర్ జబ్బుల్లో నేను దాన్ని లెక్కలో వేసుకోను. బరువు సరిదిద్దుకోవడానికి మాత్రం వాడుకుంటాను.

కండ: చూసి, తాకి

కాళ్లకు వాపు ఉన్నప్పుడు తొడ, పిక్క చూసి ఏమీ చెప్పలేం. పిక్క చుట్టుకొలత కూడా పనికిరాదు, టేపు నీటినీ కొలుస్తుంది. కాబట్టి పై ఒంటి మీద ఆధారపడండి.

రోగిని కూర్చోబెట్టి, చొక్కా తీయించి, వెలుతురు పక్క నుంచి పడేలా చూసుకోండి. మొదట కణతలు. అక్కడ కండ నిండుగా ఉంటే వేలికి మెత్తగా తగులుతుంది, కరిగితే గుంట. తర్వాత కాలర్ బోన్. మగవాళ్లలో మామూలుగా పెద్దగా కనపడదు, కండ కరిగితే కొయ్యలా పొడుచుకొస్తుంది. ఆ తర్వాత భుజం. గుండ్రంగా ఉండాల్సిన చోట నాలుగు పలకలుగా, ఎముక మూల బయటికి వస్తే జబ్బ కండ పోయినట్టే. వీపు వైపు రెక్క ఎముక అంచుల చుట్టూ లోయలు కనిపిస్తాయేమో చూడండి.

చివరగా చెయ్యి. బొటనవేలి కొనను చూపుడువేలి కొనకు గట్టిగా ఆనించమనండి. ఆ రెంటి మధ్య, చేతి వెనక వైపు, చిన్న కండ గుబురులా పైకి లేవాలి. అది చదునుగా ఉన్నా, గుంటలా ఉన్నా కండ తగ్గిందని అర్థం. దీన్ని వదిలిపెట్టకండి. మన రోగికి ఆ చోట వేలు పెడితే కింద ఎముక తగిలింది.

కొవ్వు చూడటం త్వరగా అయిపోతుంది. కంటి కింద గుంటలు, జబ్బ వెనక చర్మం వేళ్ల మధ్య పట్టుకున్నప్పుడు దొరికే మందం, పక్కటెముకలు. జబ్బ వెనక పట్టుకున్నప్పుడు కండను కలిపి పట్టుకోకుండా మెల్లగా కదిపి చూడాలి.

మోసపోయే చోట్లు రెండున్నాయి. బాగా పెద్ద వయసులో కణతలు కొంత గుంటపడటం సహజమే, కాబట్టి ఒక్క కణతను చూసి తేల్చేయకండి. నేనైతే కనీసం మూడు చోట్ల ఒకే రకంగా కనిపిస్తేనే రాస్తాను. అలాగే ఒక కాలో, ఒక చెయ్యో మాత్రమే సన్నబడితే అది నరానికో, కదలకపోవడానికో సంబంధించింది. పోషణ లోపంలో రెండు వైపులా సమానంగా కరుగుతుంది. మన రోగికి కణతలు, కాలర్ బోన్, భుజాలు, చేతులు నాలుగూ రెండు వైపులా బాగా కరిగాయి. అంటే తీవ్రంగా కండ నష్టం.

పట్టు బలం: డైనమోమీటర్‌ను ఎలా ఇవ్వాలి

వీపుకు ఆనుడు ఉన్న కుర్చీలో, పాదాలు నేల మీద ఆనేలా కూర్చోబెట్టండి. చెయ్యి ఒంటికి దగ్గరగా, మోచెయ్యి 90 డిగ్రీలు వంచి, బొటనవేలు పైకి ఉండేలా పట్టుకోమనండి. హ్యాండిల్ దూరం సర్దే పరికరమైతే సాధారణంగా రెండో గాడి. మూడు నుంచి ఐదు సెకన్లు ఉన్నంత శక్తితో పిండమని చెప్పండి. ప్రతి చేతితో మూడుసార్లు, మధ్యలో కొంచెం విరామం. మొదటిసారి చాలామంది భయంతో మెల్లగా పిండుతారు, కాబట్టి ఒక్కసారి చూసి ఆపేయకండి. "గట్టిగా, ఇంకా గట్టిగా" అని మీరు ఉత్సాహపరిచే తీరు కూడా అందరికీ ఒకటే ఉండాలి, లేకపోతే రీడింగుల్లో తేడా వస్తుంది.

మన రోగి కుడి చేతితో వచ్చినవి 21, 22, 20 కిలోలు. 2012 జాబితాలో ఒకే అంకె ఇవ్వలేదు, పరికరంతో వచ్చే ప్రమాణాల పట్టికతో పోల్చమన్నారు. ఆ పట్టిక చేతికి అందనప్పుడు, ఆసియా వాళ్ల కండ బలహీనతకు 2019లో పెట్టుకున్న హద్దులు పనికొస్తాయి: మగవాళ్లకు 28 కిలోల లోపు, ఆడవాళ్లకు 18 కిలోల లోపు తక్కువ. ఏ హద్దు వాడారో నోట్‌లో రాయండి. ఏ చేతితో కొలిచారో, సగటు తీసుకున్నారో, ఎక్కువ వచ్చిన అంకె తీసుకున్నారో కూడా రాయాలి. మళ్లీ కొలిచే మనిషి మీరు కాకపోవచ్చు.

ఈ రోగి దగ్గర ప్రత్యేకంగా చూడాల్సింది ఒకటుంది. లివర్ జబ్బులో మెదడు మీద ప్రభావం పడితే మనిషి మత్తుగా ఉంటాడు, చెప్పింది సరిగా అందదు. అలాంటప్పుడు వచ్చే తక్కువ అంకె కండ గురించి ఏమీ చెప్పదు. కొలిచే ముందు రెండు చేతులూ చాచమని, వేళ్లు ఎగరేస్తున్నట్టు అదురుతున్నాయేమో చూశాను. అదరలేదు, తెలివిగా మాట్లాడుతున్నాడు, అప్పుడే కొలిచాను. సెలైన్ కాన్యులా ఉన్న చెయ్యి, పక్షవాతం వచ్చిన చెయ్యి, వేళ్ల కీళ్లు వాచిన చెయ్యి కొలవకండి. రెండో చెయ్యి వాడండి, అదీ కుదరకపోతే ఈ లక్షణాన్ని వదిలేయండి.

మోస్తరు లోపంలో పట్టు బలానికి 2012 జాబితాలో స్థానం లేదు. తీవ్ర లోపంలోనే అది లెక్కలోకి వస్తుంది. అంటే తిండి కొద్దిగా తగ్గి, పట్టు కూడా తగ్గిన మనిషికి ఈ రెంటినీ కలిపి "మోస్తరు లోపం" అని రాయకూడదు.

అల్బుమిన్ రిపోర్టును పక్కన పెట్టండి

రౌండ్స్‌లో ఎవరో ఒకరు "అల్బుమిన్ 2.6 ఉంది, ఇంకేం కావాలి?" అంటారు. అల్బుమిన్ తయారయ్యేది లివర్‌లో. లివర్ పాడైతే తగ్గుతుంది. ఇన్ఫెక్షనో, మరే ఇన్‌ఫ్లమేషనో ఉంటే ఎంత బాగా తింటున్నా తగ్గుతుంది. మరోవైపు వారాల తరబడి తిండి లేక చిక్కిపోయిన మనిషికి అది మామూలుగానే ఉండొచ్చు. ఆరు లక్షణాల్లో దానికి చోటు లేకపోవడానికి కారణం ఇదే. జబ్బు ఎంత తీవ్రంగా ఉందో చెప్పడానికి పనికొస్తుంది, పోషణ సంగతి చెప్పదు.

రెండో కొలబద్దతో సరిచూసుకోవడం

అంతర్జాతీయ సంస్థలు కలిసి 2019లో ప్రచురించిన గ్లిమ్ ప్రమాణాలు వేరే దారిలో వెళతాయి. ఒంటి మీద కనిపించేది ఒకటి (బరువు తగ్గడం, తక్కువ బీఎంఐ, తక్కువ కండ), కారణం ఒకటి (తిండి తగ్గడం లేదా ఒంటికి పట్టకపోవడం, జబ్బు వల్ల వచ్చే ఇన్‌ఫ్లమేషన్) ఉండాలి. పట్టు బలం అక్కడ ప్రధాన లక్షణం కాదు, కండ గురించి తోడుగా చూసే కొలత. మన రోగికి ఆరు నెలల్లో 10 శాతం పైన బరువు నష్టం ఉంది, రెండు వారాలకు మించి తిండి తగ్గింది. గ్లిమ్ ప్రకారం రెండో దశ, అంటే తీవ్రం. రెండు కొలబద్దలూ ఒకే మాట చెప్పాయి. అలా చెప్పని కేసులు వస్తాయి. అప్పుడు రెంటినీ కలిపి కొత్త లెక్క తయారు చేయకండి, మీ హాస్పిటల్ ఏది వాడుతోందో దాన్నే పట్టుకోండి.

నోట్ ఇలా రాయండి

"పోషకాహార లోపం, తీవ్రం, దీర్ఘకాలిక జబ్బు వల్ల. ఆధారాలు: 1) రెండు నెలలుగా తిండి అవసరంలో సుమారు 55 శాతం, భార్య చెప్పిన వివరం. 2) నీరు తీసేసి అంచనా వేసిన బరువు 55 కిలోలు, ఆరు నెలల కింద 66, తగ్గుదల 16 శాతం, తక్కువ నీరు అనుకున్నా 11 శాతం. 3) కణతలు, కాలర్ బోన్, భుజాలు, చేతుల్లో రెండు వైపులా తీవ్ర కండ నష్టం. 4) కుడి చేతి పట్టు, ఎక్కువ వచ్చిన అంకె 22 కిలోలు, హద్దు 28. నీరు చేరడాన్ని లెక్కలో తీసుకోలేదు, కారణం లివర్. తిండి పెంచే ముందు ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం చూడాలి."

చివరి వాక్యం మర్చిపోకండి. ఇంత కాలం తక్కువ తిన్న మనిషికి ఒక్కసారిగా పూర్తి తిండి ఇస్తే రక్తంలో ఈ మూడూ పడిపోయి గుండెకే ప్రమాదం రావచ్చు. నిర్ధారణ రాసిన చేతితోనే ఆ హెచ్చరికా రాయాలి.

మూడు వారాల తర్వాత, మందులతో నీరు దిగి, కాళ్ల వాపు పూర్తిగా పోయాక ఆయన్ని మళ్లీ తూచాం. 57 కిలోలు. మన అంచనా దాదాపు రెండు కిలోలు తప్పింది. 66 నుంచి చూస్తే తగ్గుదల దాదాపు 14 శాతం. పాత నోట్ కింద తేదీ వేసి ఆ అంకె రాశాం. 'తీవ్రం' అన్న మాట మార్చాల్సిన పని లేకపోయింది.